నలభై వేలల్లో సెకండ్ హ్యాండ్ బండి: ఉప్పల్ నుంచి నా అనుభవం

నా చేతిలో ఉన్నది 40,000. అమ్మ వేసిన చీటీ ఎత్తితే వచ్చిన డబ్బు. దానికి ఇంకో వెయ్యి కలిపే దారి లేదు. ఉప్పల్‌లో రూము, ఘట్‌కేసర్ దాటాక కాలేజీ. పొద్దున బస్సు దొరుకుతుంది గానీ, సాయంత్రం ల్యాబ్ ముగిశాక వచ్చే బస్సులో ఫుట్‌బోర్డు మీద నిలబడ్డానికి కూడా చోటుండదు. బండి నడపడం వచ్చు, లైసెన్సు ఉంది. అంతకు మించి ఏమీ తెలియదు. స్పార్క్ ప్లగ్ ఎక్కడుంటుందో చూపించమంటే తల గోక్కునే రకం.

అందుకని మొదట లెక్క వేసుకున్నాను. చేతిలో 40,000 ఉందంటే 40,000 బండి చూడొచ్చని కాదు. ఏడేళ్ల పాత బండికి టైర్లో, చైనో, బ్యాటరీయో ఏదో ఒకటి అయిపోయే ఉంటుంది. ఇన్సూరెన్సు చాలామంది కట్టరు. పేరు మార్పిడికి ఆర్టీఏ ఫీజు ఉంటుంది. వీటన్నిటికీ ఏడెనిమిది వేలు పక్కన పెట్టేసి, బండికి 32,000, మరీ నచ్చితే 33,000 అనుకున్నాను. ఈ గీత గీసుకున్నాక సగం తలనొప్పి పోయింది, ఎందుకంటే ఆ ధరకి వచ్చే బళ్లు కొన్నే.

మా రూమ్మేట్ పల్సర్ అన్నాడు, పక్క రూమ్ వాడు డ్యూక్ అన్నాడు. ఆ బళ్ల మీద నాకు కోపం లేదు. కానీ ఆ ధరకి వచ్చే డ్యూక్ నాలాంటి కుర్రాళ్ల చేతుల్లోంచే వస్తుంది. మా వయసు వాళ్లు బండిని ఎలా తోలతారో రోజూ కాలేజీ గేటు దగ్గర చూస్తూనే ఉన్నాను. నా మట్టుకు నేను ఇంకో స్టూడెంట్ దగ్గర బండి కొనను. స్ప్లెండరో, షైనో, ప్యాషనో, ప్లాటినానో అయితే ఆఫీసుకి వెళ్లొచ్చిన బండి దొరికే అవకాశం ఎక్కువ. చిన్న ఇంజిన్, గాలికే చల్లబడేది, ఏ సందులో మెకానిక్ అయినా కళ్లు మూసుకుని విప్పేది. సామాను ఎక్కడైనా దొరుకుతుంది, తక్కువకే దొరుకుతుంది.

ఏ సంవత్సరం బండి అనే దగ్గర కూడా ఒక లెక్క ఉంది. బళ్ల పొగ మీద ప్రభుత్వం పెట్టిన నిబంధనల్లో 2017 ఏప్రిల్ 1 నుంచి బీఎస్4, 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్6 వచ్చాయి. బీఎస్6 నుంచి ఈ కమ్యూటర్ బళ్లకి కూడా దాదాపుగా ఫ్యూయెల్ ఇంజెక్షనే. మంచిదే గానీ, సెన్సర్ పోతే రోడ్డు పక్క మెకానిక్ చేతులెత్తేస్తాడు, షోరూముకి పోవాలి. మధ్యలో ఉన్న ఆ మూడేళ్ల బళ్లకి కార్బొరేటరే ఉంటుంది, వయసూ మరీ మీరిపోలేదు. ఇంకా పాతవైతే తక్కువకే వస్తాయి, ఏపీ 28, ఏపీ 29 నంబర్లతో పద్దెనిమిది వేలకి కూడా చూశాను. కానీ ఆర్సీకి పదిహేనేళ్లే గడువు. 2010 బండి కొంటే రెన్యువలూ, ఫిట్‌నెస్సూ, గ్రీన్ ట్యాక్సూ మన మెడకే చుట్టుకుంటాయి. అందుకే 2017 నుంచి 2020 మధ్య బళ్లకే కట్టుబడ్డాను. వీటిని గుర్తుపట్టడానికి మెకానిక్ అక్కర్లేదు. 2017 ఏప్రిల్ నుంచి వచ్చిన బళ్లకి హెడ్‌లైట్ ఆపే స్విచ్ ఉండదు, ఇంజిన్ ఆన్ అయితే లైటు వెలగాల్సిందే.

ఫోన్‌లో ఫొటోలు చూస్తూ కూర్చుంటే అన్ని బళ్లూ మెరుస్తూనే ఉంటాయి. ‘సింగిల్ ఓనర్, షోరూమ్ కండిషన్, ఒక్క రూపాయి పని లేదు’ అని రాయని ప్రకటన ఒక్కటి కూడా కనిపించలేదు. నేను చేసిన పని వేరే. నంబర్ ప్లేటు కనిపిస్తే చాలు, ఆ నంబర్‌ని మన పోలీసుల ఈ-చలాన్ సైట్‌లో కొట్టడం. బాకీ ఎంతుందో తెలుస్తుందని మొదలుపెట్టాను. చూస్తే అంతకంటే పనికొచ్చేది ఇంకోటి దొరికింది. కట్టని చలాన్లకి తేదీ, చోటు ఉంటాయి, చాలావాటికి ఫొటో కూడా ఉంటుంది. అంటే ఫలానా రోజున ఆ బండి ఎక్కడ తిరుగుతోందో, మీద ఎవరున్నారో, వెనక ఏం కట్టుకున్నారో మనకి కనిపిస్తుంది. అమ్మేవాడు చెప్పే కథకి ఆ ఫొటోలే సాక్ష్యం.

దిల్‌సుఖ్‌నగర్ వైపు పాత బళ్లు అమ్మే ఒక కన్సల్టెన్సీలో ఉన్న స్ప్లెండర్‌ని నాకు తప్పించింది ఈ ఫొటోలే. 2018 మోడల్, మీటర్ మీద 21,000 కిలోమీటర్లు, అడిగింది 36,000. నల్లగా నిగనిగలాడుతోంది. ‘టీచరమ్మ బండి తమ్ముడూ, స్కూలుకి తప్ప బయటికి తీసేది కాదు’ అన్నాడు ఆయన. నేను పక్కకి వెళ్లి ఫోన్‌లో నంబర్ కొట్టాను. చలాన్లు వరసగా ఉన్నాయి. హెల్మెట్ లేనివి, రాంగ్ సైడ్‌వి, చాలా వరకు రాత్రి పూటవి. ఫొటోలు పెద్దవి చేసి చూస్తే నడిపేవాడి వీపుకి ఫుడ్ డెలివరీ వాళ్లు మోసే చదరపు సంచి. ఒకదాంట్లో కాదు, నెలల తేడాతో తీసిన చాలా ఫొటోల్లో.

డెలివరీ చేసేవాళ్లు రోజుకి ఎనభై కిలోమీటర్లు తిరుగుతారనుకుందాం. ఏడాదిలో మూడొందల రోజులు వేసుకున్నా 24,000. అంటే ఒక్క ఏడాదిలోనే మీటర్ మీదున్న అంకె దాటిపోవాలి. ఆ తర్వాత బండి దగ్గరికి వెళ్లి చూస్తే అన్నీ కళ్లకి కొట్టినట్టు కనిపించాయి. సీటు కవరు కొత్తది, హ్యాండిల్ గ్రిప్పులు కొత్తవి, అద్దాలు కొత్తవి. కానీ వెనక బ్రేక్ పెడల్ మీద ఉండే గరుకు గీతలు అరిగి నున్నగా ఇనుము తేలి ఉంది. గేర్ లివర్‌కి ఉండే రబ్బరు ఒక పక్క పూర్తిగా పోయింది. ఫుట్‌రెస్ట్ రబ్బరు మీద గళ్లు ఆనవాలుకి కూడా లేవు. 21,000 తిరిగిన బండికి ఇవి ఇలా అరగవు. సీటు మార్చేవాడికి పెడల్ మార్చాలని తోచదు, అదే మనకి మేలు. పాత బళ్లకి మీటర్ కేబుల్‌తో తిరుగుతుంది, కేబుల్ ఊడదీసి నెలల తరబడి నడిపినా అడిగేవాడు లేడు. అందుకే మీటర్ అంకెని నేను ధర చెప్పే మాటగానే తీసుకున్నాను, లెక్కగా తీసుకోలేదు.

టైరు మీద కూడా ఒక తేదీ ఉంటుంది. పక్క గోడ మీద కోడిగుడ్డు ఆకారపు గడిలో నాలుగంకెలు అచ్చువేసి ఉంటాయి. 0918 అంటే 2018లో తొమ్మిదో వారం తయారైన టైరు. బండి 2018ది, టైర్లూ 2018వే అయితే కంపెనీ టైర్లు ఇంకా మారలేదన్నమాట. మామూలుగా వెనక టైరు ఇరవై, ముప్ఫై వేల కిలోమీటర్లు తిరిగేసరికి అయిపోతుంది. కాబట్టి కంపెనీ టైర్లతోనే ఉన్న బండి మీటర్ మీద తక్కువ అంకె ఉంటే నమ్మబుద్ధవుతుంది. పైన చెప్పిన స్ప్లెండర్‌కి వెనక టైరు 2023ది, అదీ మళ్లీ సగం అరిగిపోయింది.

సరూర్‌నగర్‌లో చూసిన ఇంకో బండి సంగతి క్లుప్తంగా చెప్తాను. 2020 అక్టోబర్‌లో కురిసిన వానకి ఆ చుట్టుపక్కల కాలనీలు నీళ్లలో నానాయి, బళ్లు సీట్ల దాకా మునిగాయి. ఆ బళ్లు కడిగి, ఆరబెట్టి, ఇప్పటికీ చేతులు మారుతున్నాయి. హెడ్‌లైట్ అద్దం లోపల అడుగున సన్నటి ఎర్రమట్టి గీత, మీటర్ గాజు లోపల చెమ్మ మరక, స్పోకులు చక్రంలోకి దిగే చోట్ల తుప్పు, ఈ మూడూ కలిసి కనిపిస్తే ఇక నేను ధర కూడా అడగలేదు. ఇంజిన్ ఆయిల్ మూత తీస్తే లోపల పాలు కలిపిన కాఫీ రంగు జిడ్డు ఉందంటే ఆయిల్‌లో నీళ్లు కలిశాయనే లెక్క. చలికాలం కొద్ది దూరాలు తిరిగే బండికి కూడా కాస్త అలాంటి జిడ్డు పట్టవచ్చు గానీ, మట్టి గీతతో పాటు కనిపిస్తే అనుమానించాల్సిందే.

చివరికి కొన్న బండి హబ్సిగూడలో ఒక రిటైర్డ్ ఉద్యోగిది. హోండా షైన్, 2018 మార్చి బండి, టీఎస్ 08 నంబర్, మీటర్ మీద 23,000 పైచిలుకు. మోకాళ్ల నొప్పులతో స్కూటీ కొనుక్కున్నారట. అడిగింది 38,000. ఫోన్‌లోనే రెండు మాటలు అడిగాను. ఒకటి, ‘ఆర్సీ మీ పేరు మీదే ఉందా సార్?’ అని. ఎందుకంటే అప్పటికే ఒకాయన ఎవరిదో ఆర్సీ, ఎవరో సంతకం పెట్టిన ఖాళీ ఫారాలు చేతిలో పెట్టి ‘ఏం కాదు, మేం చూసుకుంటం’ అన్నాడు. ఆర్సీలో పేరున్న మనిషి ఎదురుగా లేకపోతే ఆ బండికి రేపు ఏం జరిగినా వెతుక్కునేది మనమే. రెండోది, ‘పొద్దున్నే వస్తాను, నేనొచ్చేదాకా బండి స్టార్ట్ చేయకండి’ అని. ఆయన నవ్వి, ‘నువ్వు మెకానిక్‌వా బాబూ?’ అన్నారు. కాదు సార్, మెకానిక్‌ని తీసుకొస్తున్నాను అన్నాను.

మా సందు చివర షెడ్డు ఉన్న మెకానిక్ అన్నకి 500 ఇస్తానని మాట్లాడుకున్నాను. షెడ్డు తెరవక ముందే వెళ్లి రావాలన్నది ఆయన షరతు. అమ్మేవాళ్ల మెకానిక్‌తో చూపించుకోవడం కంటే చూపించుకోకపోవడమే నయం. ఈ 500 దగ్గర కక్కుర్తి పడితే తర్వాత ఇంజిన్ బోర్ చేయించడానికి అయిదారు వేలు, ఎనిమిది వేలు పోతాయి.

అన్న బండి దగ్గరికి వెళ్లగానే ముందు చేసింది ఇంజిన్ మీద అరచేయి పెట్టడం. చల్లగా ఉంది. ఇది ఎందుకో ఆయన దారిలో చెప్పాడు. వాల్వ్ సీళ్లు గట్టిపడి ఉంటే రాత్రంతా ఆయిల్ కొద్దికొద్దిగా సిలిండర్‌లోకి జారుతుంది. పొద్దున మొదటి కిక్కుకి అది కాలి సైలెన్సర్ నుంచి నీలం పొగ ఒక్కసారి బుస్సుమంటుంది. రెండు నిమిషాలకి ఏమీ ఉండదు. మనం వెళ్లేలోపే వాళ్లు ఒకసారి స్టార్ట్ చేసి ఉంచితే ఆ జబ్బు ఇక కనబడదు. స్టార్టింగ్ ట్రబుల్ ఉన్నా అంతే, వేడెక్కిన ఇంజిన్ ఎలాగూ అందుకుంటుంది.

చోక్ లాగి కిక్ కొట్టాడు. రెండో కిక్కుకి అందుకుంది. సెల్ఫ్ కూడా పని చేసింది. పొగ తెల్లగా కాసేపు వచ్చి ఆగిపోయింది. అది తేమ, చల్లటి పొద్దున ఏ బండికైనా వస్తుంది. నీలంగా వస్తే ఆయిల్ కాలుతున్నట్టు, నల్లగా వస్తే పెట్రోల్ ఎక్కువ పోతున్నట్టు. నల్లపొగ కార్బొరేటర్ సర్దితే పోతుంది, నీలంపొగ జేబు సర్దుకోమంటుంది. ఇంజిన్ బాగా వేడెక్కాక అన్న ఎక్సలరేటర్ ఒక్కసారి తిప్పి వదిలి, మళ్లీ తిప్పి వెనక్కి చూడమన్నాడు. పిస్టన్ రింగులు అరిగితే అప్పుడు కూడా నీలం పొగ ఆగదట. మాకు రాలేదు. తర్వాత ఆయిల్ గేజీ తీసి రెండు వేళ్ల మధ్య ఆయిల్ రాసి చూశాడు. కొందరు ఇంజిన్ చప్పుడు వినిపించకుండా అమ్మే ముందు చిక్కటి ఆయిల్ పోస్తారు, ఇందులో అలాంటిదేం లేదన్నాడు. టాపెట్ చప్పుడు సన్నగా ఉందని, అది సెట్ చేసుకుంటే సరిపోతుందని అన్నాడు. ఇంజిన్ లోపలి సంగతులు ఇంతకు మించి పైనుంచి తెలియవని కూడా తనే చెప్పాడు. నాకు ఆ మాట నచ్చింది. ‘పక్కా ఉంది, కళ్లు మూసుకుని తీసుకో’ అన్న మెకానిక్‌ని నేనైతే నమ్మను.

నేను చూడగలిగేవి నేను చూశాను. ముందు, ఆర్సీలోని చాసిస్ నంబర్, ఇంజిన్ నంబర్ బండి మీదున్న వాటితో అక్షరం అక్షరం పోల్చుకున్నాను. చాసిస్ నంబర్ హ్యాండిల్ కింద ఇనుప గొట్టం మీద కొట్టి ఉంది, మట్టి పట్టి ఉంటే గుడ్డతో తుడిచాను. ఆ చోట గీకినట్టో, కొత్తగా రంగు పూసినట్టో ఉంటే అక్కణ్నుంచి లేచి వచ్చేయాలి. టైర్ల మీద రెండింటికీ 2018 తేదీలే ఉన్నాయి. పెడల్ మీద గరుకు ఇంకా చేతికి తగులుతోంది. 23,000 అన్నది నిజమే అనిపించింది. కానీ ఆ టైర్ల గోడల మీద సన్నటి పగుళ్లు. గాడులు ఉన్నా రబ్బరు ముసలిదైపోయింది, వాన పడితే పట్టు ఉండదు. ఒకే తేదీ బండిని నమ్మమనీ చెప్పింది, టైర్లు మార్చమనీ చెప్పింది.

చైన్ సంగతి కూడా చేత్తోనే తెలుస్తుంది. వెనక పళ్లచక్రానికి చుట్టుకున్న చైన్‌ని సరిగ్గా వెనక వైపు పట్టుకుని బయటికి లాగాలి. పన్ను సగం బయటికి కనిపించేంత లేస్తే చైన్ సెట్ అరిగిపోయినట్టే. ఇది కాస్త లేచింది, ఇంకో రెండు మూడు నెలలు వస్తుందన్నాడు అన్న. బండిని సెంటర్ స్టాండ్ మీద పెట్టి, వెనక నొక్కి ముందు చక్రం గాల్లోకి లేపి, హ్యాండిల్‌ని మెల్లగా ఆ చివర నుంచి ఈ చివరకి తిప్పమన్నాడు. సరిగ్గా మధ్యకి రాగానే చిన్న గాడిలో పడ్డట్టు టక్కుమని ఆగింది. కోన్ సెట్, అంటే హ్యాండిల్ తిరిగే చోటుండే బేరింగులు, పోయింది. పెద్ద ఖర్చు కాదు, కానీ అలాగే నడిపితే హ్యాండిల్ దాని ఇష్టం వచ్చినట్టు పోతుంది.

ఆ తర్వాత నడిపి చూడటం. ఆయన నా ఫోను, కాలేజీ ఐడీ దగ్గర పెట్టుకుని తాళం ఇచ్చారు. ఆయన అడక్కుండానే నేను ఇచ్చాను, అది వాళ్ల భయం, న్యాయమైనదే. కాలనీలో రెండు చక్కర్లు కొట్టి వచ్చేస్తే ఏమీ తెలియదు, అందుకే ఫ్లైఓవర్ ఎక్కే దాకా వెళ్లాను. ఎక్కుడు మీద టాప్ గేర్‌లో నలభై స్పీడులో ఉండగా ఎక్సలరేటర్ గట్టిగా తిప్పాలి. ఇంజిన్ మోత పెరిగి బండి మాత్రం కదలకపోతే క్లచ్ ప్లేట్లు జారుతున్నట్టు. షైన్‌కి ఇంజిన్ తిరుగుడు చూపించే మీటర్ లేదు, చెవే మీటర్. మోతతో పాటే బండీ లేచింది. ప్రతి గేరులోనూ ఒకసారి గట్టిగా లాగి వదిలి చూశాను, ఏ గేరూ తనంతట తాను ఊడి న్యూట్రల్‌కి రాలేదు.

బండి ఎక్కడైనా గట్టిగా గుద్దుకుందా అన్నది నాలాంటి వాడికి తెలియడం కష్టం, రంగేస్తే దెబ్బ మాయమైపోతుంది. దీనికి అన్న చెప్పిన చిట్కా తేలికైనది. రోడ్డు మీద కారిన బోరు నీళ్లలోంచి చక్రాలు రెండూ తడిచేలా నెమ్మదిగా పోనిచ్చి, పొడి రోడ్డు మీద నేరుగా కాస్త దూరం తీసుకెళ్లి దిగి వెనక్కి వెళ్లి చూడాలి. రెండు తడి చారలూ ఒకదాని మీద ఒకటి పడాలి. వెనక చార పక్కకి జరిగి ఉంటే వెనక చక్రం సెట్టింగ్ అయినా తప్పి ఉండాలి, చాసిస్ అయినా వంగి ఉండాలి. మొదటిది పాతిక రూపాయల పని, రెండోదానికి మందు లేదు. మాకు ఒకటే చార కనిపించింది.

ఇంటికి తిరిగొచ్చి బేరం మొదలుపెట్టాం. ‘ధర తగ్గించండి సార్’ అంటే ఎవరూ తగ్గించరు. అందుకే అన్న చేత ఒక కాగితం మీద రాయించాను: టైర్లు రెండూ కలిపి 3,400, కోన్ సెట్ కూలితో 700, చైన్ సెట్ 1,400. ఇన్సూరెన్సు అయిపోయి ఏడాది దాటింది, అదీ రాశాం. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని అన్నీ చదివారు. టైర్ల పగుళ్లు నేను వేలితో చూపిస్తే వంగి చూసి, ‘నేనెప్పుడూ చూసుకోలేదయ్యా’ అన్నారు. 34,000 అన్నారు, 32,000 అన్నాను, లోపలి నుంచి ఆంటీ ‘పిల్లాడు కదండీ, ఇచ్చెయ్యండి’ అన్నారు. 32,500కి తెగింది. ఆంటీ రాకపోతే ఎంతకి తెగేదో చెప్పలేను.

డబ్బు మాత్రం ఆ రోజు ఇవ్వలేదు. ఆర్సీ మీద ఫైనాన్స్ కంపెనీ పేరు అలాగే ఉంది. లోన్ 2020లోనే తీరిపోయిందని ఆయన చెప్పారు, అబద్ధం కాదు కూడా. కానీ అప్పు తీరిందని కంపెనీ ఇచ్చిన ఎన్‌ఓసీ తీసుకెళ్లి ఆర్టీఏలో హెచ్‌పీ, అంటే ఆర్సీ మీదున్న లోన్ నమోదు, తీయించుకోలేదు, చాలామంది తీయించుకోరు. అది తీయకుండా పేరు మార్చరు. వెయ్యి అడ్వాన్స్ ఇచ్చి, తేదీతో సహా ఒక కాగితం రాయించుకుని వచ్చేశాను. పాత ఎన్‌ఓసీ ఇంట్లో దొరికింది గానీ దాని గడువు ఎప్పుడో అయిపోయింది. ఆ కాగితానికి సాధారణంగా మూడు నెలలే విలువ. మళ్లీ కొత్తది రావడానికి ఆ కంపెనీ బ్రాంచి ఆయన్ని బాగానే తిప్పింది. మధ్యలో ఆయనే విసిగిపోయి, ‘బండి తీసుకెళ్లిపో బాబూ, కాగితాలు తర్వాత చూద్దాం’ అన్నారు. వద్దన్నాను. ఆయన మంచివారే, కానీ డబ్బు చేతులు మారాక కాగితం కోసం ఎవరూ బ్రాంచి మెట్లెక్కరు.

ఎన్‌ఓసీ, హెచ్‌పీ తీయించడానికి కావాల్సిన 35 నంబర్ ఫారం వచ్చాక మిగతాది సాఫీగానే సాగింది. ముందు థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు కట్టించాం, అది లేకుండా ఆర్టీఏ పని ముందుకి కదలదు. 75 నుంచి 150 సీసీ దాకా ఏ బండికైనా అప్పుడు అది 714, జీఎస్టీ కలిపితే 842. నడిపేవాడికి ప్రమాద బీమాతో కలిపి 1,200 లోపు అయింది. ఆయన పేరు మీద తీసుకుని, తర్వాత నా పేరుకి మార్పించుకున్నాను. పేరు మార్పిడికి కావాల్సిన 29, 30 ఫారాల మీద ఆయన సంతకాలు నా కళ్ల ముందే పెట్టించుకుని, ఆన్‌లైన్‌లో స్లాట్ బుక్ చేశాను. చలాన్లు చూస్తే ఒకటే ఉంది, స్టాప్ లైన్ దాటినందుకు, ఆయనే సిగ్గుపడుతూ అక్కడికక్కడే కట్టేశారు. మిగతా 31,500 ఫోన్‌లో పంపాను, నగదు ఇస్తే రేపు రుజువు ఉండదు. బండి అప్పగించిన తేదీ, టైము రాసి ఇద్దరం సంతకం చేసుకున్నాం. ఆ టైముకి ముందు చలాన్ పడితే ఆయనది, తర్వాతది నాది.

ఏజెంటు 2,500 అడిగాడు, అతను లేకుండానే ఆర్టీఏ ఖర్చు వెయ్యి లోపు అయింది. ఒకే రాష్ట్రం నంబర్ కాబట్టి ఇంత తేలిగ్గా అయింది. ఆంధ్రా, కర్ణాటక నంబర్ బండి అయితే అక్కడి ఆర్టీఏ ఎన్‌ఓసీ, ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్సు, అంతా ఇంకో పురాణం. ధర తక్కువని అటు పోకపోవడమే మంచిది.

లెక్క ఇలా తేలింది: బండి 32,500, ఇన్సూరెన్సు 1,200, ఆర్టీఏ 1,000, టైర్లు 3,400, కోన్ సెట్ 700, మెకానిక్‌కి 500, ఆయిల్ మార్పుకి 450. మొత్తం 39,750. చైన్ సెట్ తర్వాత చూసుకుందామని వదిలేశాను, కొంచెం బిగించి లూబ్ వేయించుకున్నాను.

కొన్నాక కూడా ఒక పరీక్ష మిగిలే ఉంది, అది అమ్మేవాళ్ల ఇంటి ముందు చేయలేనిది. ఇంజిన్ ఆయిల్ తాగుతోందా లేదా అన్నది వారాల మీద గానీ తెలియదు. ఆయిల్ మార్చిన రోజున మీటర్ అంకె ఫోన్‌లో ఫొటో తీసుకున్నాను. ప్రతి ఆదివారం బండి సెంటర్ స్టాండ్ వేసి, కాసేపు స్టార్ట్ చేసి ఆపి, రెండు మూడు నిమిషాలయ్యాక గేజీ తీసి తుడిచి, మరలో బిగించకుండా ఊరికే లోపల పెట్టి తీసి చూసేవాణ్ని. ఆయిల్ రెండు గీతల మధ్య ఎక్కడుందో అప్పుడే సరిగ్గా తెలుస్తుంది, బిగించి చూస్తే ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. వెయ్యి కిలోమీటర్లకి పై గీత నుంచి వెంట్రుకవాసి దిగింది, అంతే. అదే కింది గీత దాకా పడిపోయి ఉంటే, బయట ఎక్కడా కారకుండానే పోయిందంటే, రింగులో సీళ్లో వెళ్లిపోయినట్టు. అప్పుడైతే కాలేజీ ఫీజు కోసం దాచిన డబ్బు మీద చెయ్యి వేయాల్సి వచ్చేది. వేయక్కర్లేకపోయింది కాబట్టి ఆ నెల ట్యూషన్ డబ్బులతో చైన్ సెట్ మార్పించాను.